నల్లబడిన గుడ్డు, కుళ్ళిన గుడ్డు ఒకటి కావు: పిడాన్‌లో క్షారం చేసే పని

ప్రశ్న: సింగపూర్ వచ్చి రెండు నెలలైంది. మా ఆఫీసులో ఒకావిడ మధ్యాహ్నం బియ్యం గంజిలో నల్లటి గుడ్డు వేసుకుని తింటుంది. సెంచరీ ఎగ్ అట. నన్నూ రుచి చూడమంటోంది. తెల్లసొన కోలా రంగులో, పచ్చసొన ముదురాకుపచ్చగా ఉంది. వాసనేమో బాత్రూమ్ కడిగే మందులా ఉంది. ఉడకబెట్టరట, గుర్రం మూత్రంలో నానబెడతారని ఇంకో ఫ్రెండ్ అన్నాడు. ఇది కుళ్ళిన గుడ్డు కాదని ఎలా నమ్మాలి? తింటే ఏమీ కాదా?

జవాబు:

తినొచ్చండి. పెంకు పగలకుండా ఉన్నది, పెట్టె మీద లెడ్-ఫ్రీ అని రాసినది కొని, ఒలిచాక ఆలస్యం చేయకుండా తింటే భయం లేదు. ఈ షరతులు ఎందుకు పెట్టానో అర్థం కావాలంటే ఆ పెంకు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. గుడ్ల పొడి తయారుచేసే చోట పదకొండేళ్లు, తర్వాత గుడ్ల ఉత్పత్తులు పరీక్షించే ల్యాబులో ఏడేళ్లు పనిచేశాను. ఈ నల్ల గుడ్లు నా బల్ల మీదికి వందల్లో వచ్చాయి, కొన్ని నా చేత్తో నేనే ఊరబెట్టాను కూడా.

ముందు ఆ గుర్రం సంగతి తేల్చేద్దాం. థాయ్ భాషలో దీన్ని పిలిచే పేరుకు అర్థమే 'గుర్రం మూత్రం గుడ్డు'. వాసన చూసి పెట్టిన పేరు అది, తయారీ చూసి పెట్టింది కాదు. మూత్రానికి గుడ్డును ఇలా మార్చేంత క్షారగుణం ఉండదు. చైనాలో దీని పేరు పిడాన్. తెల్లసొన మీద మంచు పూలలాంటి మచ్చలు తేలితే సోంగ్‌హ్వా డాన్, అంటే దేవదారు పూల గుడ్డు అంటారు. వందేళ్లు కూడా ఉత్తమాటే. ఐదారు వారాల్లో తయారవుతుంది.

పాత పద్ధతిలో కట్టెల బూడిద, సున్నం, ఉప్పు, టీ కషాయం, బంకమట్టి కలిపి ముద్ద చేసి బాతుగుడ్లకు మందంగా పట్టించి, ఒకదానికొకటి అంటుకోకుండా వరిపొట్టులో దొర్లించి, జాడీలో పేర్చి మూత పెడతారు. మనకు ఇందులో తెలియని సరుకంటూ లేదు. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నాలుక పొక్కుతుంది కదా, ఆ గుణమే ఇక్కడ పనిచేసేది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో మట్టి బదులు తొట్లలో ద్రావణం పోసి గుడ్లు ముంచుతారు. సున్నపు తేట, బట్టల సోడా కలిస్తే కాస్టిక్ సోడా తయారవుతుంది:

Ca(OH)₂ + Na₂CO₃ → 2NaOH + CaCO₃

కొందరు నేరుగా కాస్టిక్ సోడాయే వాడతారు. ఏ దారిలో వెళ్లినా చివరికి గుడ్డులోకి చేరేది ఆ క్షారమే. గుడ్డు పెంకుకు వేల సన్నటి రంధ్రాలుంటాయి. వాటి గుండా, లోపలి పొర గుండా క్షారం, ఉప్పు రోజుకు కొంచెం చొప్పున ఇంకుతాయి. వండటమంటే మనం వేడితో చేసే పనిని ఇక్కడ క్షారం చేస్తుంది. "ఉడకబెట్టరట" అన్నారు కదా, నిజమే. అలాగని అది పచ్చి గుడ్డు కాదు.

ఒకసారి ల్యాబులో పన్నెండు బాతుగుడ్లతో చేసిన ప్రయోగం చెబుతాను, అది వింటే మిగతాది సులువవుతుంది. లీటరు నీటికి 42 గ్రాముల కాస్టిక్ సోడా, 72 గ్రాముల ఉప్పు. ఏసీ గది, 20 డిగ్రీల దగ్గర. రంగు కోసం టీ కూడా వేయలేదు, మార్పు స్పష్టంగా కనిపించాలని. రెండు మూడు రోజులకొకటి తీసి పగలగొట్టి చూశాను.

రెండో రోజు గుడ్డు పగలగొడితే పాడైందనే అనుకుంటారు ఎవరైనా. తాజా తెల్లసొనలో పచ్చసొన చుట్టూ చిక్కటి జిగురు భాగం ఉంటుంది కదా, అది మాయమై అంతా నీళ్లలా పారింది. ప్రొటీన్లు ఉండలు చుట్టుకున్న నూలు లాంటివి. క్షారం తగలగానే ఆ ఉండలు విప్పుకుంటాయి. ఆ దశ ఇది. విప్పుకున్న పోగులు ఐదో రోజుకల్లా ఒకదానితో ఒకటి అల్లుకుని వదులు జెల్లీ అయ్యాయి. పదో రోజుకు తెల్లసొన వేలితో నొక్కితే ఎగిరేంత గట్టిపడింది. రంగు మాత్రం ఇంకా లేత గడ్డి రంగే. పచ్చసొన అంచు నల్లబడటం మొదలైంది, నడుమ మామూలుగానే ఉంది.

మనింట్లో ఉడికిన గుడ్డు తెల్లగా, దీపం వెలుగు దాటనివ్వకుండా ఎందుకుంటుంది, ఇది అద్దంలా ఎందుకుంటుంది అని చాలామంది అడుగుతారు. వేడికి గుడ్డు గట్టిపడినప్పుడు ప్రొటీన్లు తొందర తొందరగా పెద్ద పెద్ద ముద్దలుగా పేరుకుంటాయి. వెలుగు ఆ ముద్దలకు తగిలి చెదిరిపోతుంది, తెల్లగా కనిపిస్తుంది. బాగా క్షారంలో ఉన్నప్పుడు ప్రొటీన్ పోగులన్నింటికీ ఒకే రకం ఋణ విద్యుదావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి, అందుకని ముద్ద కట్టలేవు. సన్నటి వలలా అల్లుకోవడమే చేతనవుతుంది. ఆ వల కన్నుల్లోంచి వెలుగు దూసుకుపోతుంది.

పదో రోజు ఎనిమిది గుడ్లను, అంటే అప్పటికి పగలగొట్టని వాటిని, పక్కన పెట్టాను. ఆరు గుడ్లు బయటికి తీసి కడిగి, ఆరబెట్టి, గాలి తగలకుండా ప్లాస్టిక్ పొర చుట్టి పెట్టేశాను. రెండింటిని మాత్రం కావాలనే ఆ ద్రావణంలోనే వదిలేశాను. ఇంకో రెండు వారాల తర్వాత చుట్టి పెట్టిన గుడ్లు అచ్చంగా మీ సహోద్యోగిని గిన్నెలోవాటిలా తేలాయి. తెల్లసొన ముదురు తేనె రంగు, పచ్చసొన బయట ముదురాకుపచ్చ, నడుమ మెత్తని పాకం. ద్రావణంలోనే ఉంచిన రెండూ మూడో వారం దాటాక పగలగొడితే లోపల గోధుమరంగు నీళ్లు. గట్టిపడిన తెల్లసొన మళ్లీ కరిగిపోయింది.

పిడాన్ చేసేవాళ్ల విద్యంతా ఈ చివరి వాక్యం చుట్టూ తిరుగుతుంది. క్షారం ప్రొటీన్ ఉండల్ని విప్పి వల అల్లిస్తుంది. అక్కడితో ఆగకపోతే ఆ వల పోగుల్నే తెంపేస్తుంది. గట్టిపరిచేదీ అదే, కరిగించేదీ అదే. వేడి అలా కాదు, గుడ్డును ఎంతసేపు ఉడకబెట్టినా మళ్లీ నీళ్లు కాదు. కాబట్టి పిడాన్‌లో క్షారాన్ని లోపలికి పంపడం కంటే దాన్ని వేళకు ఆపడమే కష్టం. గదిలో వేడి పెరిగితే ఇంకే వేగమూ పెరుగుతుంది, అందుకే 20–25 డిగ్రీలు దాటనివ్వరు. నా మొదటి ప్రయత్నం మే నెలలో, ఏసీ లేని స్టోర్ రూములో చేశాను. పదిరోజులకే అన్నీ కరిగి కూర్చున్నాయి. ఆ వాసన రెండు రోజులు వదల్లేదు, సహోద్యోగుల మాటలు రెండేళ్లు వదల్లేదు.

రంగుల విషయానికొద్దాం. తెల్లసొనలో అర శాతానికి అటూ ఇటూగా గ్లూకోజు ఉంటుంది. అది ప్రొటీన్లతో కలిసి గోధుమరంగుకు తిరగడాన్ని మయార్ చర్య అంటారు. రొట్టె కాలినప్పుడు, ఉల్లిపాయ వేగినప్పుడు జరిగేది ఈ తరహా చర్యే. అక్కడ వేడి తొందర పెడితే ఇక్కడ క్షారం తొందర పెడుతుంది. గుడ్ల పొడి దగ్గర మాకు ఇదే పెద్ద తలనొప్పిగా ఉండేది. తెల్లసొన పొడి నిల్వలో గోధుమరంగుకు తిరగకుండా ఆరబెట్టే ముందే ఈస్టుతోనో ఎంజైముతోనో గ్లూకోజును తీసేసేవాళ్లం. మేం పారదోలడానికి అంత శ్రమపడిన రంగును వీళ్లు నెల రోజులు కాపు కాసి తెచ్చుకుంటారు.

పచ్చసొన రంగు మీరు ఇదివరకే చూశారు. గుడ్డు మరీ ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ బూడిదాకుపచ్చ గీత వస్తుంది కదా. తెల్లసొన ప్రొటీన్లలోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడుగా విడుదలై, పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే వచ్చేది ఆ గీత. పిడాన్‌లో క్షారం ఆ గంధకాన్ని వారాల తరబడి విడిపిస్తూనే ఉంటుంది. అందుకే గీతతో ఆగక పచ్చసొన అంతా ఆ రంగు పట్టేస్తుంది. దానితోపాటు క్షారం ప్రొటీన్లను కొంత తెంపి అమోనియా పుట్టిస్తుంది, మీకు బాత్రూమ్ మందు గుర్తొచ్చింది అందుకే. ప్రొటీన్లు తెగి అమైనో ఆమ్లాలు విడివడటం వల్లే ఆ చిక్కటి రుచి కూడా వస్తుంది. ఇక తెల్లసొన మీద తేలే పూల మచ్చలు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలు. బూజు కాదు, బెంగపడకండి.

కుళ్ళడం అంటే ఏమిటో ఇప్పుడు పక్కన పెట్టి చూడండి. కుళ్ళిన గుడ్డులో పనిచేసేది బ్యాక్టీరియా. పెంకులోంచి దూరి, ప్రొటీన్‌ను తిని, పెరిగి, గంధకపు కంపు వదులుతుంది. పిడాన్‌లో ప్రొటీన్‌ను విడగొట్టేది క్షారం, అక్కడ బ్యాక్టీరియాకు బతుకే లేదు. ఫలితాలు పైకి కొంచెం ఒకేలా కనిపిస్తాయి, వాసనలో ఒక పాలు గంధకం రెండింటిలోనూ ఉంటుంది, అక్కడే అందరూ తికమకపడతారు.

ఎందుకు బతకదో చూద్దాం. తాజా తెల్లసొన పీహెచ్ 8 చుట్టుపక్కల ఉంటుంది, పచ్చసొనది 6. ఊరుతుండగా తెల్లసొన 11 దాటుతుంది. తర్వాత క్షారం పచ్చసొనలోకి జరిగి, కొంత ఖర్చయిపోయి, తయారైన గుడ్డులో తెల్లసొన సుమారు 10 దగ్గర, పచ్చసొన 9కి పైన నిలుస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగిందంటే క్షారం పదింతలైనట్టు. 8 నుంచి 11కి వెళ్లడమంటే వెయ్యింతలు. గుడ్ల దగ్గర మనం భయపడేది సాల్మొనెల్లాకు. బాతులు తడినేల మీద, బురదలో గుడ్లు పెడతాయి కాబట్టి బాతుగుడ్ల దగ్గర ఆ భయం ఇంకొంచెం ఎక్కువ. సాల్మొనెల్లా 9.5 దాటితే పెరగలేదు. ఆ పైన వారాల తరబడి 11 దగ్గర నానితే చచ్చిపోతుంది. గాలి లేని చోట విషం తయారుచేసే బొటులిజం బ్యాక్టీరియాకు 9 దాటితేనే పెరుగుదల ఆగిపోతుంది. ఉప్పు కూడా తోడుంటుంది.

ఆవకాయ ఏడాది నిల్వ ఉంటుందంటే మామిడి పులుపు, ఉప్పు కలిసి కాపలా కాస్తాయి కాబట్టి. బ్యాక్టీరియాకు ఇష్టమైన మధ్యస్థానం నుంచి మనం పులుపు వైపుకు లాగాం, చైనావాళ్లు క్షారం వైపుకు లాగారు. అంతే తేడా. ఒక్క మెలిక ఉంది. కొన్ని బ్యాక్టీరియాల బీజాలు క్షారంలో పెరగకపోయినా చావవు, నిద్రలో ఉంటాయి. కాబట్టి పిడాన్ క్రిమిరహితం అనుకోకూడదు, క్రిములు పెరగలేని చోటు అనుకోవాలి. పెంకు ఒలిచి, కోసి, చేతులు తగిలి, టోఫు మీదో అన్నం మీదో వేశాక ఆ చోటు మారిపోతుంది. ఒలిచిన గుడ్డును కౌంటర్ మీద గంటలు గంటలు పెట్టిన చోట తినకండి. ఇంట్లో మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే ముగించండి. పెంకుతో ఉన్నది గది వాతావరణంలో నెలలపాటు బాగానే ఉంటుంది.

ఇక అసలు భయపడాల్సిన చోటు. నా ఏడేళ్ల ల్యాబు పనిలో పిడాన్ నమూనాలకు బ్యాక్టీరియా కోసం చేసిన పరీక్షల కంటే లోహాల కోసం చేసినవే ఎక్కువ. క్షారాన్ని వేళకు ఆపడమే కష్టమని ఇందాక అన్నాను కదా. నేను గుడ్లను పదో రోజు చేత్తో తీసి ఆపాను. లక్ష గుడ్లున్న తొట్టిలో ఒక్కో గుడ్డు పెంకు మందం ఒక్కో రకం, ఏది ఏ రోజు తీయాలో ఎవరు చూస్తారు? పాతకాలంలో దానికి దొరికిన ఉపాయం లెడ్ ఆక్సైడ్. ద్రావణంలో కొంచెం సీసం ఉంటే గుడ్డులోంచి వచ్చే గంధకంతో అది కలిసి, కరగని సీసం సల్ఫైడుగా మారి, పెంకు రంధ్రాల్లో, పొరలో పేరుకుంటుంది. మొదట్లో దారి తెరిచి ఉంటుంది, క్షారం కావలసినంత లోపలికి పోతుంది. గుడ్డు గట్టిపడి గంధకం విడుదలయ్యే వేళకు దారులు వాటంతటవే మూసుకుపోతాయి. బ్రేకు పనిచేసేది సరిగ్గా అవసరమైనప్పుడే. చాలా తెలివైన ఏర్పాటే కానీ, అందులో వాడింది సీసం. కొంత సీసం లోపలికీ వెళ్తుంది. పిల్లల మెదడుకు, గర్భిణులకు సీసం ఎంత చెడ్డదో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ బ్రేకు పని రాగి, జింకు లవణాలతో చేయిస్తారు. అవీ సల్ఫైడులుగా మారి రంధ్రాలు పూడుస్తాయి. పెట్టె మీద లెడ్-ఫ్రీ అంటే తయారీలో సీసం వాడలేదని అర్థం, గుడ్డులో అణువంతైనా లేదని కాదు. చైనా 2014 ప్రమాణంలో పరిమితి కిలోకు 0.5 మిల్లీగ్రాములుగా ఉండేది. ఈ లెక్కన లోపల 60 గ్రాములు ఉన్న గుడ్డులో, పరిమితి అంచునే ఉన్నా, ఉండగలిగేది 0.03 మిల్లీగ్రాములు. అప్పుడప్పుడు ఒక గుడ్డు తినే పెద్దవాళ్లకు దీనితో కంగారు లేదు. రోజూ తింటే, చిన్నపిల్లలకు పెడితే లెక్క మారుతుంది. గర్భిణులు మానేయడమే మంచిదని నేనంటాను.

రాగిలో కూడా ఒక మోసం జరిగింది. 2013లో చైనాలోని జియాంగ్‌షీ రాష్ట్రం, నాన్‌చాంగ్ కౌంటీలో కొన్ని పిడాన్ తయారీ కేంద్రాలు ఆహారానికి వాడదగ్గ కాపర్ సల్ఫేట్ బదులు పరిశ్రమల్లో వాడే చవకరకం వాడుతున్నాయని టీవీ కథనంలో బయటపడింది. ఆ రకంలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం కలిసి ఉండే ప్రమాదం ఉంది. ఆ తర్వాత అక్కడి 30 కేంద్రాల్లో పని ఆపించారు. క్షారం ఎంత బాగా కాపలా కాసినా ఇలాంటి దొంగను పట్టుకోలేదు, అది ల్యాబులో తేలాల్సిందే. అందుకే వీధి చివర విడిగా అమ్మేవి కాకుండా, తయారీదారు పేరు, తేదీ ఉన్న పెట్టె కొనమంటాను. సింగపూర్‌లో సూపర్ మార్కెట్లలో దొరికేవి అలాంటివే.

కొన్నాక ఎలా చూడాలో చెబుతాను. గుడ్డును అరచేతిలో పెట్టి అంగుళం ఎత్తు ఎగరేసి పట్టుకోండి. లోపల జెల్లీ ఉంటే చేతికి సన్నటి వణుకు తెలుస్తుంది, చైనాలో అమ్మేవాళ్లు చూసేదీ అలాగే. నీళ్లు తొణికినట్టుంటే క్షారం ఎక్కువై కరిగిందన్నమాట, పారేయండి. పెంకు మీద నల్లటి చుక్కలు లోహ సల్ఫైడులవి. అక్కడక్కడా ఉంటే ఫర్వాలేదు, మరీ నిండా ఉన్నది నేనైతే తీసుకోను. ఒలిచాక తెల్లసొన గట్టిగా, మెరుస్తూ, అవతలి వేలు మసకగా కనిపించేలా ఉండాలి. అమోనియా వాసన రావడం సహజం, పది నిమిషాలు గాలికి పెడితే చాలావరకు పోతుంది. తెల్లసొన మబ్బుగా, జారుడుగా ఉండి, గంధకపు కంపు అమోనియాను మించి కొడితే అది పెంకు పగిలి నిజంగానే కుళ్ళిన గుడ్డు. నాలుక మీద సున్నం తగిలినట్టు చురుక్కుమంటే క్షారం ఎక్కువగా మిగిలిపోయింది, ఒక ముక్కతో ఆపేయండి.

మంచి గుడ్డులో మిగిలే క్షారం కడుపుకు భారమేమీ కాదు, జఠరామ్లం ఇట్టే సరిచేస్తుంది. దీన్ని వెనిగర్‌తోనో, వెనిగర్‌లో ఊరిన అల్లం ముక్కలతోనో తింటారు. అందులో రుచితోపాటు రసాయనం కూడా ఉంది. ఆమ్లం తగిలితే అమోనియా లవణంగా మారిపోయి వాసన ముక్కుకు చేరదు. మీకు వెనిగర్ పడకపోతే నిమ్మరసం పిండుకోండి, అదే పని చేస్తుంది. కోసేటప్పుడు కత్తికి పచ్చసొన అంటుకుని ముద్దవుతుంది, అక్కడివాళ్లు దారంతో కోస్తారు. మనమ్మలు ఉడికిన గుడ్డును కోసినట్టే. మరీ జారుగా ఉంటే ముందు కాసేపు ఆవిరి పట్టిస్తారు, మొదటిసారి తినేవాళ్లకు అలా తినడమే తేలిక.

ఇది చదివి ఇంట్లో చేద్దామని ఎవరికైనా అనిపిస్తే, నా లెక్క ల్యాబుది అని గుర్తుంచుకోండి. కాస్టిక్ సోడా కంట్లో పడితే చూపు పోతుంది. నీళ్లలో సోడా వేయాలే తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు, భగ్గున కాగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు, క్షారం దాన్ని తింటూ మండే వాయువు వదులుతుంది. మీ ఊళ్లో రెండు డాలర్లు పెడితే దొరికే గుడ్డు కోసం ఇంత సాహసం ఎందుకని నా అభిప్రాయం. మీ ఆఫీసులో ఆవిడ పెట్టేది గంజిలో ఉడికిన ముక్క కాబట్టి మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. గంజి వేడికి అమోనియా చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. పచ్చసొన ముక్క ముందు తినండి, తెల్లసొనకు పెద్ద రుచి ఉండదు. ఒక్క మాట, ఆ గంజిలో సాధారణంగా పందిమాంసం కూడా వేస్తారు, మీరు తినకపోతే ముందే అడగండి.